పాత పెళ్లి వీడియోను షాట్లుగా విడగొట్టాలంటే: ఏ పద్ధతి ఎప్పుడు పనికొస్తుంది

కర్నూలులో మా వీడియో దుకాణానికి కొత్త పెళ్లిళ్లతో పాటు పాత పెళ్లిళ్ల పని కూడా బాగానే వస్తుంది. పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, "అన్నా, ఇందులో రెండున్నర గంటల వీడియో ఒకే ఫైలుగా ఉంది, ముక్కలు చేసివ్వాలి" అంటారు. ముక్కలు దేనికని అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. కొందరికి జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, అప్పగింతలు దేనికది విడిగా కావాలి, వాట్సాప్‌లో పంపుకోవడానికి. ఇంకొందరు పెళ్లయి పాతికేళ్లు అవుతున్నాయని, ఆ పాత వీడియోలోంచి మంచి షాట్లు ఏరి పది నిమిషాల కొత్త వీడియో చేయమంటారు.

మొదటి రకం పనికి ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్ దండగ. ఐదారు ముక్కలే కావాలంటే లాస్‌లెస్‌కట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వీడియో తెరిచి, ప్రతి ఘట్టానికి మొదలు, చివర గుర్తు పెట్టి ఎగుమతి చేస్తే అరగంటలో తేలిపోతుంది. ఏ సాఫ్ట్‌వేర్‌కూ తాళి కట్టడం ఏదో, తలంబ్రాలు ఏవో తెలియవు. బొమ్మ ఉన్నట్టుండి మారిందా లేదా అన్నదే వాటికి తెలుస్తుంది. తాళి కట్టే ఆ ఐదు నిమిషాల్లో కెమెరా వరుడి చేతుల నుంచి వధువు ముఖానికి, అక్కడి నుంచి అక్షింతలు వేసే బంధువుల మీదికి మారితే అవన్నీ వేర్వేరు ముక్కలుగానే వస్తాయి.

రెండో రకం పనికి మాత్రం ఆటోమేటిక్ పద్ధతి కావాల్సిందే. అక్కడ వందలాది షాట్లను దేనికది విడదీసుకోవాలి. అందుకు మనకు అందుబాటులో ఉన్న ఉచిత దారులు ప్రధానంగా నాలుగు: టేపులోని తేదీని బట్టి విడగొట్టడం, పైసీన్‌డిటెక్ట్, డావించీ రిజాల్వ్, ఎఫ్ఎఫ్‌ఎంపెగ్. నా లెక్కలో టేపు దొరికితే మొదటిది, దొరకకపోతే రెండోది. కమాండ్ కిటికీ తెరవడం ఇష్టం లేనివారికి మూడోది. నాలుగోది స్క్రిప్టులు రాసుకునేవారికి. అడోబీ ప్రీమియర్‌లో కూడా Scene Edit Detection అని ఇలాంటి సదుపాయం ఉంది. ఇప్పటికే చందా కడుతున్నవారు దాన్ని వాడుకోవచ్చు, దీనికోసమే కొత్తగా కట్టాల్సిన పని లేదు.

ముందు అడగాల్సింది: అసలు టేపు ఉందా?

ఆ రోజుల్లో చాలా పెళ్లిళ్లను మినీ డీవీ టేపు మీద తీశారు. అందులో ప్రతి ఫ్రేముతో పాటు కెమెరా గడియారం చూపించిన తేదీ, సమయం కూడా నమోదవుతాయి. తెర మీద కనిపించే తేదీ కాదు, డేటాలో దాగి ఉండేది. వీడియోగ్రాఫర్ రికార్డింగ్ బటన్ ఆపి, మళ్లీ నొక్కేసరికి ఎంత కాలం గడిచిందో ఆ నమోదులో గెంతుగా కనబడుతుంది. ఆ గెంతు దగ్గర తెంచితే షాటు కచ్చితంగా ఎక్కడ మొదలైందో అక్కడే విడిపోతుంది. బొమ్మను పరిశీలించాల్సిన పనే లేదు కాబట్టి ఫ్లాష్ వెలిగినా, కెమెరా ఊగినా తేడా రాదు.

దీనికి ఫైర్‌వైర్ పోర్టు ఉన్న కంప్యూటరు, టేపు తిప్పే కెమెరా కావాలి. విండోస్‌లో విన్‌డీవీ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో రెండు ఫ్రేముల మధ్య ఎన్ని సెకన్ల ఎడం ఉంటే కొత్త ఫైలు మొదలుపెట్టాలో చెప్పే గడి ఉంటుంది. లైనక్స్‌లో అయితే ఇంతే:

```
dvgrab --autosplit --size 0 --timestamp pelli-
```

ప్రతి ముక్క పేరులో చిత్రీకరించిన తేదీ, సమయం కూడా వచ్చి చేరతాయి. ముహూర్తం ఉదయం 10 దాటాక అని కుటుంబం గుర్తు చేసుకుంటే, ఫైళ్ల పేర్లు చూసే తాళి ఎక్కడుందో పట్టుకోవచ్చు.

చిక్కు ఎక్కడంటే, టేపును ఎవరైనా డీవీడీగానో ఎంపీ4గానో మార్చి ఇస్తే ఆ దాగిన తేదీ పోతుంది. అందుకే టేపు ఇంకా బీరువాలో ఉంటే, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే దుకాణం వారిని ఎంపీ4 వద్దు, అసలు డీవీ ఫైలే కావాలని అడగండి. గంట టేపుకు సుమారు 13 జీబీ అవుతుంది, ఇప్పటి హార్డ్‌డిస్కులకు అదేమంత బరువు కాదు. కెమెరాలో గడియారం పెట్టకుండానే షూటింగ్ చేసి ఉంటే మాత్రం ఈ దారి మూసుకుపోయినట్టే. అప్పట్లోనే ఎడిటింగ్ చేసి ఇచ్చిన కాపీకి కూడా ఇది పనికిరాదు, ఎందుకంటే పాటలు, ఎఫెక్టులు కలిపి మళ్లీ తయారు చేసేటప్పుడు మొదటి షూటింగ్ తేదీలు అందులోకి రావు. వీహెచ్ఎస్ క్యాసెట్‌లో అయితే ఇలాంటి నమోదే లేదు.

బొమ్మను చూసి విడగొట్టడం: తాళి దగ్గర ఏమవుతుంది

టేపు లేదు, ఎంపీ4 ఒక్కటే ఉంది అనుకుందాం. ఇప్పుడు పైసీన్‌డిటెక్ట్ పని. పైథాన్ ఉన్న కంప్యూటర్‌లో `pip install "scenedetect[opencv]"` అని కొడితే దిగుతుంది. ముక్కలు కోయడానికి ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ కూడా కంప్యూటర్‌లో ఉండాలి. ఇందులో రెండు పద్ధతులు మనకు ముఖ్యం: `detect-content`, `detect-adaptive`. ఏది ఎంచుకోవాలన్నది మన పెళ్లిళ్ల విషయంలో ఒకే ఒక్క వస్తువు మీద ఆధారపడి ఉంటుంది. అది ఫోటోగ్రాఫర్ ఫ్లాష్.

`detect-content` ప్రతి ఫ్రేమును దాని ముందు ఫ్రేముతో పోల్చి, రంగు, రంగు గాఢత, వెలుతురు సగటున ఎంత మారాయో ఒక అంకెగా చెబుతుంది. మనం ఏమీ మార్చకపోతే ఆ అంకె 27 అనే గీత దాటిన చోటల్లా కోత పెడుతుంది. మామూలుగా నడిచే షాటులో ఆ అంకె ఒకటో రెండో ఉంటుంది, షాటు మారితే ఒక్కసారి పైకి లేస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది.

ఇప్పుడు మంగళసూత్రధారణ చూడండి. భజంత్రీలు గట్టిమేళం అందుకున్నాయి, ముగ్గురు ఫోటోగ్రాఫర్లు ఒకేసారి ఫ్లాష్ కొడుతున్నారు. ఫ్లాష్ వెలుగు సెకనులో అతి చిన్న భాగమే ఉంటుంది. మన వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి అది ఒక ఫ్రేములో, కొన్ని కెమెరాలలో సగం సగంగా రెండు ఫ్రేములలో పడుతుంది. ఆ ఫ్రేము తెల్లగా మారినప్పుడు అంకె 60 అయిందనుకుందాం, తర్వాతి ఫ్రేములో మళ్లీ మామూలు వెలుతురు వచ్చినప్పుడు ఇంకో 60. రెండూ 27 దాటాయి. ముక్క కనీసం 0.6 సెకను ఉండాలనే నియమం ముందే అమర్చి ఉంటుంది కాబట్టి పక్కపక్కనే ఉన్న ఆ రెండూ ఒకే కోతగా మిగులుతాయి. అయినా ఫ్లాషుకు ఒక దొంగ కోత తప్పదు. పెళ్లి మొత్తంలో ముఖ్యమైన ఘట్టమే అన్నిటికంటే ఎక్కువగా తునాతునకలవుతుంది.

పోనీ అని 27ను 70 చేస్తే ఫ్లాషులు పోతాయి, వాటితో పాటు అసలు కోతలూ పోతాయి. పెళ్లి మండపంలో ఏ షాటు చూసినా అవే పసుపు, ఎరుపు రంగులు. ఒక షాటు నుంచి ఇంకో షాటుకు మారినప్పుడు వచ్చే తేడా చాలాసార్లు ఫ్లాష్ తెచ్చే తేడా కంటే తక్కువే. కనుక గీతను పైకీ కిందికీ జరిపి ఈ తగాదా తీర్చలేం.

`detect-adaptive` ఇంకోలా ఆలోచిస్తుంది. అంకె ఎంత అని చూసి ఊరుకోదు, చుట్టుపక్కల ఫ్రేముల కంటే ఎన్ని రెట్లు ఎక్కువ అని చూస్తుంది. ముందు రెండు, వెనక రెండు ఫ్రేముల అంకెల సగటు తీసి, దానితో ఈ ఫ్రేము అంకెను భాగిస్తుంది. ఫలితం 3 దాటితే, అంకె కూడా కనీసం 15 ఉంటే కోత. కెమెరాను గబగబా పక్కకు తిప్పితే అన్ని ఫ్రేములూ 30, 30, 30 అని వస్తాయి. నిష్పత్తి 1, కోత లేదు. స్థిరమైన గీత 27 దగ్గర ఉంటే అక్కడ కోత పడేది. ఈ పద్ధతిని తయారు చేసిందే ఇలాంటి కెమెరా కదలికల కోసం.

ఫ్లాష్ లెక్క కూడా ఇందులోనే తేలుతుంది. కాగితం మీద వేసి చూద్దాం. మామూలు ఫ్రేముల అంకె 2. ఫ్లాష్ వచ్చిన ఫ్రేముకు 60, తర్వాతి ఫ్రేముకు 60. మొదటి 60కి ఇరుగుపొరుగు అంకెలు 2, 2, 60, 2. వాటి సగటు 16.5. అరవైని దానితో భాగిస్తే సుమారు 3.6. అంటే ముందే అమర్చి ఉన్న 3 దాటింది, కోత పడుతుంది. నిజమైన కోత దగ్గర చుట్టూ ఉన్నవి 2, 2, 2, 2 మాత్రమే, సగటు 2, నిష్పత్తి 30. కెమెరా కదులుతూ ఉండగా కోత వచ్చి చుట్టూ 10 చొప్పున ఉన్నాయనుకున్నా నిష్పత్తి 6.

చూశారా, ఫ్లాష్ వెలిగినప్పుడు ఒకటి, ఆరినప్పుడు ఒకటి, రెండు గెంతులూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. ఒకదాని పొరుగున ఇంకొకటి ఉంటుంది కాబట్టి ఆ నిష్పత్తి ఎంత పెరిగినా 4 దాటలేదు. గీతను 5 దగ్గర పెడితే ఫ్లాషులన్నీ కింద ఉండిపోతాయి, అసలు కోతలు పైకి వస్తాయి. వెలుగు రెండు ఫ్రేములలో పరుచుకున్నా రెండో గెంతు ఇంకా ముందు వెనక రెండేసి ఫ్రేముల లోపలే ఉంటుంది, లెక్క మారదు.

```
scenedetect -i pelli.mp4 -s pelli-stats.csv detect-adaptive --threshold 5 list-scenes --skip-cuts save-images --num-images 1
```

ఈ కమాండ్ ఏ ముక్కనూ కోయదు. షాట్ల జాబితాను `pelli-Scenes.csv` అనే ఫైలులో రాస్తుంది, ప్రతి షాటుకు ఒక బొమ్మ తీసి పెడుతుంది, ఫ్రేము ఫ్రేముకూ వచ్చిన అంకెలను `pelli-stats.csv`లో నింపుతుంది. నేరుగా కోత కమాండ్ కొట్టేవారు చాలామంది. వందల ఫైళ్లు పోగయ్యాక తప్పు తెలుసుకోవడం కంటే ముందు బొమ్మలు చూసుకోవడం మేలు.

బొమ్మల ఫోల్డరు తెరిచి పెద్ద గుర్తులుగా పెట్టుకుని పైనుంచి కిందికి చూడండి. వరుసగా ఐదారు బొమ్మలలో అదే వధూవరులు, అదే కోణం, అదే పీట కనిపిస్తే అక్కడ దొంగ కోతలు పడ్డట్టు. ఆ సమయం దగ్గర `pelli-stats.csv` తెరిచి `adaptive_ratio` అని మొదలయ్యే నిలువు గడిని చూస్తే ఎందుకో తెలుస్తుంది. 5కూ 6కూ మధ్య ఆగితే గీతను 6 చేసి చూడవచ్చు. ఫ్లాష్ పడ్డాక కెమెరా తనంతట తానే వెలుతురు సర్దుకుని నెమ్మదిగా మామూలు స్థితికి వస్తే రెండో గెంతు చిన్నదవుతుంది, అప్పుడు నిష్పత్తి 4 దాటడం ఉంది. దీనికి గీత మార్చడం కంటే జాబితాలో ఆ వరుసను చేత్తో తీసేయడమే సులువు.

వ్యతిరేకమైన తప్పు బొమ్మల్లో కనబడదు. రెండు షాట్లు కలిసిపోయి ఒకే ముక్కగా ఉంటే బొమ్మ ఒకటే వస్తుంది. దాన్ని పట్టడానికి జాబితాలో నిడివి గడిని చూడాలి. చుట్టూ అన్నీ పది, పదిహేను సెకన్లు ఉండి మధ్యలో ఒకటి నాలుగు నిమిషాలు ఉంటే దాన్ని ఆడించి చూడండి. భోజనాల పంక్తి పొడవునా కెమెరా నడుచుకుంటూ పోయిన షాటు అయితే అది నిజంగానే అంత పొడవు. కాకపోతే కోత తప్పిపోయింది. నా అలవాటు ఏమిటంటే కొంచెం ఎక్కువ కోతలు పడే వైపే మొగ్గుతాను. ఎక్కువైన కోతను తీసేయడం ఒక వరుస చెరిపినంత పని, తప్పిపోయిన కోతను వెతకడం వీడియో మొత్తం చూసినంత పని.

జాబితా దిద్దుకుని కోయడం

ఆ జాబితాను ఎక్సెల్‌లోనో లిబ్రే ఆఫీస్‌లోనో తెరిచి దిద్దుకోవచ్చు. పైసీన్‌డిటెక్ట్ ఆ జాబితాను తిరిగి చదివేటప్పుడు ప్రతి వరుసలో షాటు మొదలైన ఫ్రేము సంఖ్యనే కోతగా తీసుకుంటుంది. కాబట్టి ఒక ముక్కను దాని ముందు ముక్కలో కలపాలంటే ఆ వరుసను చెరిపితే చాలు. ముగింపు గడి దిద్దాల్సిన పని లేదు. తాళి ఘట్టం మొత్తం ఒకే ముక్కగా కావాలంటే మొదటి వరుస ఉంచి, తలంబ్రాలు మొదలయ్యే వరుస దాకా మధ్యవన్నీ చెరపండి. దిద్దిన తర్వాత అదే సీఎస్వీ రకంలోనే భద్రపరచాలి. ఎక్సెల్ ఫైలుగా మారిస్తే చదవలేదు.

```
scenedetect -i pelli.mp4 load-scenes -i pelli-Scenes.csv split-video
```

ఇక్కడ ఇంకో ఎంపిక ఉంది. పై కమాండ్ ప్రతి ముక్కనూ మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది. సమయం పడుతుంది, నాణ్యత కాస్త తగ్గుతుంది, కానీ కోత ఫ్రేముకు ఫ్రేము సరిగ్గా పడుతుంది. `split-video --copy` అంటే ఎన్‌కోడ్ చేయకుండా ఉన్నది ఉన్నట్టు కోస్తుంది. నిమిషాల్లో అయిపోతుంది, నాణ్యత చెక్కుచెదరదు. అయితే వీడియో ఫైలులో ప్రతి ఫ్రేమూ సంపూర్ణమైన బొమ్మ కాదు. అక్కడక్కడా కీఫ్రేములనే పూర్తి బొమ్మలు ఉంటాయి, మధ్యవి వాటిని ఆధారం చేసుకుని మార్పులను మాత్రమే దాచుకుంటాయి. ఉన్నది ఉన్నట్టు కోసేటప్పుడు ముక్క కీఫ్రేము దగ్గరే మొదలవ్వాలి. అందువల్ల తలంబ్రాల ముక్క తెరిస్తే మొదటి సెకను రెండు సెకన్లు ముందు షాటులోని పురోహితుడే కనబడుతుంటాడు, లేదా బొమ్మ కాసేపు గడ్డకట్టి ఉంటుంది.

కీఫ్రేములు ఎంత దూరంలో ఉంటాయన్నది ఫైలును తయారు చేసిన విధానాన్ని బట్టి ఉంటుంది. ఎక్కువమంది వాడే ఎక్స్264 ఎన్‌కోడర్ ఏమీ చెప్పకపోతే గరిష్ఠంగా 250 ఫ్రేములకు ఒకటి పెడుతుంది, అంటే మన లెక్కన 10 సెకన్లు. కానీ అదే ఎన్‌కోడర్ బొమ్మ ఒక్కసారిగా మారిన చోట తానే కొత్త కీఫ్రేము వేసుకుంటుంది. మనం కోయాలనుకునే చోటు కూడా అదే! కనుక ఎక్స్264తో చేసిన ఫైలైతే `--copy` చాలా కోతల దగ్గర సరిగ్గానే పనిచేస్తుంది. కెమెరాలు, కొన్ని రికార్డర్లు బొమ్మతో సంబంధం లేకుండా లెక్క ప్రకారం కీఫ్రేములు వేస్తాయి, వాటిలో తేడా వస్తుంది. పరీక్ష సులువే. `--copy`తో కోసి, మధ్యలోంచి ఓ పది ముక్కలు తెరిచి మొదటి సెకను చూడండి. పాత షాటు తోక కనబడకపోతే అలాగే ఉంచుకోండి. కనబడితే ఎన్‌కోడ్ చేయక తప్పదు.

ఫోనులో తీసిన వీడియోలకు ఇంకో జాగ్రత్త ఉంది. ఫోన్లు వెలుతురును బట్టి సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది మార్చుకుంటూ పోతాయి. ఫ్రేములు లెక్కబెట్టి సమయం చెప్పే సాఫ్ట్‌వేర్లు వీటి దగ్గర దారి తప్పుతాయి. మొదట్లో కోతలు సరిగ్గా ఉండి, చివరికి వచ్చేసరికి సెకన్ల తేడా వస్తోందంటే కారణం ఇదే. ముందుగా స్థిరమైన వేగానికి మార్చుకుని ఆ తర్వాతే విడగొట్టాలి:

```
ffmpeg -i phone.mp4 -vf fps=30 phone-30.mp4
```

డావించీ రిజాల్వ్ ఎవరికి

కమాండ్లు వద్దు, మౌసుతో పని జరగాలి అనుకునేవారికి రిజాల్వ్ ఉచిత కాపీ చాలు. Media పేజీలో ఎడమవైపు మీ డిస్కులు కనిపించే చోట వీడియో మీద కుడి మీట నొక్కితే Scene Cut Detection అని వస్తుంది. ఫైలును ప్రాజెక్టులోకి లాగకముందే ఈ పని చేయాలి. కిటికీ తెరుచుకుని, అనుమానించిన ప్రతి కోతకూ గ్రాఫులో ఒక నిలువు గీత పడుతుంది. అడ్డంగా ఉన్న గీతను పైకి కిందికి జరిపి ఎంత పొడవున్నవాటిని నమ్మాలో చెప్పవచ్చు. కోతకు ముందు, తర్వాత ఉన్న ఫ్రేములు పక్కపక్కనే కనబడతాయి కాబట్టి దొంగ కోతలను అక్కడికక్కడే తీసేయవచ్చు. చూస్తూ దిద్దుకునే వీలు విషయంలో పైసీన్‌డిటెక్ట్ దీని ముందు నిలవదు.

కాకపోతే ఇక్కడ ఉన్నది ఎంత ఎత్తు దాటిందని చూసే గీత ఒక్కటే. ఫ్లాషులను నిష్పత్తితో వేరు చేసే పై కిటుకు పనిచేయదు, తాళి ఘట్టంలో చేతిపని ఎక్కువవుతుంది. ఇంకో విషయం కొత్తవారికి తెలియక తికమకపడతారు. కోతలను మీడియా పూల్‌లోకి పంపితే డిస్కులో కొత్త ఫైళ్లేవీ పుట్టవు. అవన్నీ అదే పెద్ద ఫైలులో ఇక్కడి నుంచి ఇక్కడిదాకా అని చూపే గుర్తులు మాత్రమే. పెన్‌డ్రైవ్‌లో విడివిడి ఫైళ్లుగా ఇవ్వాలంటే వాటన్నిటినీ టైమ్‌లైన్ మీద పరిచి, Deliver పేజీలో Individual clips ఎంచుకుని బయటికి తీయాలి. ఎలాగూ రిజాల్వ్‌లోనే ఎడిటింగ్ చేస్తానంటే ఇది లోపం కాదు, లాభం. ఎన్‌కోడింగ్ లేదు, డిస్కులో చోటు అక్కర్లేదు. పాతికేళ్ల పండుగ వీడియో మొత్తం రిజాల్వ్‌లోనే చేసేవారు పైసీన్‌డిటెక్ట్ జోలికి పోకపోయినా నష్టం లేదు. లైనక్స్‌లో ఉచిత కాపీ హెచ్.264 ఎంపీ4 ఫైళ్లను తెరవదు, విండోస్‌లో ఆ ఇబ్బంది లేదు.

ఎఫ్ఎఫ్‌ఎంపెగ్

```
ffmpeg -i pelli.mp4 -vf "select='gt(scene,0.3)',showinfo" -an -f null -
```

ఇది కోయదు, బొమ్మ మారిన సమయాలను తెర మీద రాస్తుంది. గీత 0కూ 1కీ మధ్య ఉంటుంది, 0.3 నుంచి 0.5 మధ్య పెట్టడం వాడుక. ఫ్రేముకు ఫ్రేముకు తేడా ఎంత, ఆ తేడా కిందటి తేడా కంటే ఎంత మారింది, ఈ రెండింటిలో చిన్నదాన్ని అంకెగా తీసుకుంటుంది. అందుకే ఫ్లాష్ ఆరినప్పుడు కోత పడదు, వెలిగినప్పుడు మాత్రం పడుతుంది. వేరే ఏదీ పెట్టుకునే వీలులేని పాత కంప్యూటరులోనూ పనిచేస్తుంది, వరుసగా వంద ఫైళ్ల మీద నడిపించవచ్చు. పెళ్లి వీడియోకు దీన్ని నేను సిఫారసు చేయను. లాస్‌లెస్‌కట్‌లోని సీను మార్పుల గుర్తింపు కూడా లోపల దీనితోనే నడుస్తుంది.

హృదయం ఆకారపు ఎఫెక్టులు

ఆ రోజుల పెళ్లి వీడియోల అందమంతా మిక్సింగ్‌లోనే ఉండేది. ఒక షాటు హృదయం ఆకారంలో విచ్చుకుని ఇంకొకటి వస్తుంది, తామర రేకుల్లోంచి వరుడు తేలుతాడు, నెమ్మదిగా ఒకదానిలో ఒకటి కరిగిపోతాయి. ఇలా ఒక సెకను పాటు కొద్దికొద్దిగా మారే చోట పక్కపక్క ఫ్రేముల మధ్య తేడా ఎప్పుడూ చిన్నదే కాబట్టి పైన చెప్పిన పద్ధతులన్నీ చేతులెత్తేస్తాయి. నిష్పత్తి పద్ధతికి ఇది కెమెరా కదలికలాగే కనబడుతుంది. పూర్తిగా నల్లబడి మళ్లీ వెలిగే చోట్లకు పైసీన్‌డిటెక్ట్‌లోనే `detect-threshold` ఉంది, నలుపును అది పట్టుకుంటుంది. కరిగిపోయే మార్పులకు ట్రాన్స్‌నెట్ వీ2 అనే న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతి ఉంది. ఇది ప్రతి ఫ్రేమునూ 48×27 చుక్కల బుల్లి బొమ్మగా కుదించి, ఒక వరుస ఫ్రేములను కలిపి చూస్తుంది. పక్క ఫ్రేముతో మాత్రమే పోల్చుకోదు కాబట్టి నెమ్మదైన మార్పు దానికి అందుతుంది. పెట్టుకోవడానికి పైథాన్‌తో కొంత కుస్తీ పట్టాలి. వీడియో పొడవునా ఇలాంటి ఎఫెక్టులే ఉంటే ఆ కష్టం పడవచ్చు. అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే నిడివి గడి చూసి, ఆ చోట్ల జాబితాలో ఒక వరుస చేత్తో చేర్చడమే నయం. మొదలయ్యే ఫ్రేము సంఖ్య ఇస్తే చాలు.

దివిటీల వెలుగులో తీసినవి

మా జిల్లాలో దేవరగట్టు బన్ని ఉత్సవం దసరా రాత్రి జరుగుతుంది. చీకట్లో దివిటీలు, గాల్లో కర్రలు, జనం మధ్య నుంచి చేతికెమెరా. అలాంటి రికార్డింగులు కూడా విడగొట్టమని వస్తాయి. వాటికి ఈ సాఫ్ట్‌వేర్లలో ఏదీ కుదరదు, ఎందుకో కూడా అంకెలే చెబుతాయి. దివిటీ కెమెరా ముందుకు వచ్చి పోతే అది కోతలాగే గెంతుతుంది, ఒకటి రెండు ఫ్రేములలో ముగియదు కాబట్టి ఫ్లాషు లెక్క దీనికి వర్తించదు. అసలు షాటు మారిన చోట మాత్రం ముందు చీకటే, వెనకా చీకటే. మొత్తం ఫ్రేములో ముప్పాతిక నల్లగా ఉంటే సగటు తేడా చాలాసార్లు 15కు చేరదు, అప్పుడు `detect-adaptive` దాన్ని లెక్కలోకే తీసుకోదు. `--min-content-val 8` అని తగ్గిస్తే కొన్ని అసలు కోతలు దొరుకుతాయి, వాటికి రెట్టింపు దివిటీలూ వచ్చి చేరతాయి. ఫోనులో తీసినవైతే ప్రతి షాటూ ముందే విడి ఫైలుగా ఉంటుంది, ఎవరో ఒకటిగా అతికించి ఉంటారు. అతికించిన ఫైలును విడగొట్టడానికి కుస్తీ పట్టే ముందు, తీసినాయన ఫోనులో ఆ విడి ఫైళ్లు ఇంకా ఉన్నాయేమో అడగండి. లేవంటే లాస్‌లెస్‌కట్ తెరిచి చేత్తో గుర్తులు పెట్టుకోవడమే.